దానధారకు ముందు బలి రాసుకున్న పుట

పర్లాకిమిడిలో ఆదివారాలు మేము నడిపే తెలుగు తరగతికి ఈసారి పాఠ్యాంశంగా పోతన భాగవతం అష్టమ స్కంధంలోని వామన చరిత్ర నుంచి కొంత భాగం తీసుకున్నాం. తెలంగాణ పదో తరగతి వాచకంలో ‘దానశీలము’ అనే పేరుతో వచ్చిన పాఠం ఇంచుమించు ఈ భాగమే. మా పిల్లలు వారంలో మిగిలిన రోజులన్నీ ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదువుకుని, ఇంట్లో మాత్రం తెలుగు మాట్లాడుకునేవారు. అందుచేత పద్యాలకు అర్థం చెప్పుకోవడానికే చాలా సమయం పట్టింది. ఆ తరువాత వారికి ఒకటే పని ఇచ్చాను. శుక్రాచార్యుడు హెచ్చరించిన పిమ్మట, దానధార పోయకముందు, బలిచక్రవర్తి తనకోసం తాను రాసుకున్న డైరీ పుట ఎలా ఉండేదో రాసి తీసుకురావాలి. పిల్లలతో పాటు నేనూ ఒక పుట రాశాను. ఆ పుట ఎలా తయారైందో, ఏ మాట ఏ ఆధారం మీద నిలబడిందో ఇక్కడ వివరంగా చెబుతాను.

కథ అందరికీ తెలిసిందే అయినా, వరుస ఒకసారి గుర్తు చేసుకోవాలి, ఎందుకంటే ఈ పనిలో వరుసే ప్రాణం. వటువు యాగశాలకు వస్తాడు. బలి ఏం కావాలో అడగమంటాడు. వటువు మూడడుగుల నేల చాలంటాడు. బలి నవ్వి, అంత చిన్న కోరికేమిటని అడిగి, చివరికి ఇస్తానని మాట ఇస్తాడు. అప్పుడు శుక్రాచార్యుడు ఇతడు విష్ణువని చెప్పి దానం వద్దంటాడు. బలి ఒక్క క్షణం కళ్లు మూసుకుని, తరువాత తాను మాట తప్పలేనని జవాబు చెబుతాడు. గురువు కోపించి, త్వరలోనే పదవి పోగొట్టుకుంటావని శపిస్తాడు. పట్టమహిషి వింధ్యావళి బంగారు కలశంలో నీళ్లు తెస్తుంది. వటువు పాదాలు కడిగి బలి ధార పోయబోతుంటే శుక్రుడు కలశరంధ్రానికి అడ్డుపడతాడు, దర్భమొనతో కన్ను పోగొట్టుకుంటాడు. ఆ తరువాతే త్రివిక్రముడు పెరగడం, బలి బంధింపబడడం, మూడో అడుగుకు తల చూపించడం జరుగుతాయి.

డైరీ పుటకు మొదట తేల్చుకోవలసింది కాలం. ‘శుక్రుడి మాటల తరువాత’ అని పిల్లలకు చెప్పాను గాని, ఆ తరువాత అనే చోట నిజానికి రెండు సందులున్నాయి. మొదటిది గురువు మాట ముగిసి బలి మాట మొదలయ్యే మధ్య ఉన్నది. అక్కడ పోతన ‘క్షణమాత్ర నిమీలితలోచనుండై’ అని మాత్రమే అంటాడు. ఆ కన్ను మూసిన క్షణంలో బలి ఏమనుకున్నాడో పద్యమూ చెప్పదు, వచనమూ చెప్పదు. కవి ఖాళీగా వదిలిన ఇలాంటి చోటే పాత్ర గొంతుతో రాసేవాడికి నిజమైన పని దొరుకుతుంది. కాని క్షణంలో ఎవరూ ఏమీ రాసుకోలేరు. ఎదురుగా వటువు చేయి చాచి నిలబడి ఉండగా చక్రవర్తి కూర్చుని రాసుకుంటున్నాడంటే చదివేవాడు నమ్మడు. రెండో సందు శాపం పడ్డాక, వింధ్యావళి నీళ్లు తెచ్చేలోగా ఉన్నది. అక్కడ కొంత వ్యవధి ఉంది, చేతికి పని లేదు, నిర్ణయం నోటితో చెప్పడం అయింది గాని చేత్తో చేయడం కాలేదు. నేను ఈ రెండో సందులో పుటను నిలబెట్టి, మొదటి సందును దానిలో జ్ఞాపకంగా తెచ్చుకున్నాను. ఇలా చేయడం వల్ల శాపం కూడా బలికి తెలిసిన విషయాల్లోకి వచ్చింది, కళ్లు మూసుకున్న క్షణం గురించి అతడే చెప్పుకునే వీలూ కలిగింది.

పిల్లల్లో ఎక్కువమంది మొదటి చిత్తుప్రతిలో ఎక్కడ జారారో ఒక్కసారి చదివితే తెలిసిపోయింది. ‘స్వామి మూడో అడుగు నా తలపై ఉంచబోతున్నాడు, నా జన్మ ధన్యం’ అని ఒకరు, ‘సుతలానికి వెళ్లినా హరి నా వాకిట కాపలా ఉంటాడు’ అని ఇంకొకరు రాశారు. అంటే బలికి ఇంకా జరగనిది తెలిసిపోయింది. ముగింపు తెలిసినవాడికి సంకటం ఉండదు. మా ఊళ్లో ఈ జారుపాటుకు ప్రత్యేకమైన కారణం కూడా ఉంది. ఇక్కడి పిల్లలకు వామనుడంటే జగన్నాథుడే. రథం మీది వామనుణ్ణి చూస్తే మళ్లీ జన్మ లేదన్న సంస్కృత శ్లోకం రథయాత్ర రోజుల్లో వాళ్ల చెవిన పడుతూనే ఉంటుంది. ఇరుగుపొరుగు ఒడియా ఇళ్లలో జగన్నాథదాసు భాగవతం చదువుతారు. చేయి చాచినవాడు దేవుడని పుట్టినప్పటి నుంచి తెలిసిన పిల్లవాడు, ఆ సంగతి అప్పుడే విని ఉలిక్కిపడిన బలిగా మారడం తేలిక కాదు. వాళ్ల భక్తిని నేను తప్పు పట్టను. కాని ఆ పుటలో ఉండవలసింది వాళ్ల భక్తి కాదు, బలి కలవరం.

అందుకని నల్లబల్ల మీద నిలువుగా ఒక గీత గీసి, గీతకు ఎడమవైపు ఆ ఘడియకు బలికి తెలిసినవి, కుడివైపు తెలియనివి రాయించాను. ఎడమవైపు ఏది రాసినా పాఠంలో అది ఎక్కడ ఉందో చూపించాలి. వచ్చినవాడు విష్ణువని తెలుసు, గురువు చెప్పాడు. శాపం తెలుసు. తన వంశం తెలుసు. శుక్రుడు కలశంలో దూరబోతున్నాడని తెలియదు. కట్టివేస్తారని తెలియదు. తాత ప్రహ్లాదుడు వస్తాడని తెలియదు. మూడో అడుగు దగ్గరికి వచ్చేసరికి గీత ఎటు వేయాలో పిల్లలు తేల్చుకోలేకపోయారు. నిజంగానే అది సూక్ష్మమైన చోటు. ఒక అడుగు భూమిని, రెండో అడుగు స్వర్గాన్ని ఆక్రమిస్తుందని, మూడోదానికి చోటు ఉండదని, ఇస్తానన్నది ఇవ్వలేనివాడికి నరకమని మూలంలో శుక్రుడే చెబుతాడు. కనుక మూడో అడుగుకు చోటు చాలదని బలికి తెలుసు. దానికి జవాబు తన తల అని మాత్రం తెలియదు. గీత సరిగ్గా ఆ రెంటి మధ్య పడాలి. అప్పు తీర్చలేనని తెలిసీ పత్రం మీద సంతకం పెట్టబోతున్నవాడి స్థితి అది. పుటకు కావలసిన బరువంతా అక్కడే దొరికింది.

తరువాతి సమస్య శుక్రాచార్యుడు. పిల్లల చిత్తుప్రతుల్లో ఆయన చెడ్డవాడు, మంచిపనికి అడ్డుపడే అసూయపరుడు. పాఠ్యభాగం ఒక్కటే చదివితే అలా అనిపించడంలో వింత లేదు. కాని ఎదుటివాడు చెడ్డవాడైతే అతని మాట తోసేయడానికి బలికి కష్టమేముంది? కష్టం లేనిచోట డైరీ రాసుకోవలసిన అవసరం ఎవరికీ రాదు. అందుకని పాఠానికి వెనక్కి వెళ్లాం. దేవాసుర యుద్ధంలో ఇంద్రుడి చేతిలో బలి ప్రాణం కోల్పోతాడు. అతణ్ణి మళ్లీ బతికించింది శుక్రుడే. ఆ తరువాత భార్గవులు విశ్వజిద్యాగం చేయిస్తే, దానివల్ల వచ్చిన రథంతో, విల్లుతో బలి స్వర్గాన్ని గెలుస్తాడు. అంటే ‘వద్దు’ అంటున్నది బలికి ప్రాణం పోసినవాడు. బలి ఇవ్వబోతున్న రాజ్యం ఒక విధంగా ఆయన సంపాదించి పెట్టినది. ఈ సంగతి చెప్పగానే ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకామె, “అయితే మాస్టారూ, బలి ఇస్తున్నది గురువుగారి సొత్తు కూడానా?” అని అడిగింది. బలి తనను తాను వేసుకోవలసిన ప్రశ్న అదే. ఆ అమ్మాయి అనుమతితో దానిని నా పుటలోనూ వాడుకున్నాను.

శుక్రుడి వాదంలో పిల్లలు పట్టించుకోని మాట ఇంకొకటి ఉంది. ఆడవారి విషయంలో, పెళ్లిళ్లలో, ప్రాణానికీ ధనానికీ మానానికీ భంగం కలిగేటప్పుడు, భయపడిన గోవులనూ బ్రాహ్మణులనూ కాపాడేటప్పుడు బొంకవచ్చునని, పాపం అంటదని ఆయన అంటాడు. చాలామంది దీనిని బలి తేలికగా కొట్టిపారేసిన సలహాగా రాశారు. నాకు అలా తోచలేదు. బతికి బయటపడే దారి, అదీ పాపం అంటని దారి, గురువు నోటి నుంచే వచ్చినప్పుడు మనిషి మనసు అటు ఒక్కసారైనా మొగ్గకుండా ఉండదు. పోతన బలి చేత కళ్లు మూయించింది ఆ మొగ్గు కోసమేమోనని నాకు అనిపించింది. కవి ఉద్దేశం ఇదేనని నేను వాదించను. పాఠం దీనిని కాదనదు, అంతే. ఈ పనిలో ఊహకు ఉండవలసిన కొలత కూడా అదేనని పిల్లలకు చెప్పాను. పాఠంలో లేనిదాన్ని చేర్చవచ్చు, పాఠం కాదన్నదాన్ని చేర్చకూడదు.

కళ్లు మూసుకున్నప్పుడు బలికి ఏం కనిపించి ఉంటుందన్న ప్రశ్నకు సమాధానం వ్యాస భాగవతంలో దొరికింది. దానం అడిగే ముందు వామనుడు బలి వంశాన్ని పొగుడుతూ, అతని తండ్రి విరోచనుడు బ్రాహ్మణ వేషంలో వచ్చినవారు దేవతలని తెలిసి కూడా తన ఆయుష్షును దానం చేశాడని గుర్తుచేస్తాడు. వేషం వేసుకొచ్చిన శత్రువుకు తెలిసి ఇవ్వడం ఈ ఇంట్లో మొదటిసారి కాదు. ఆ సంగతిని బలికి ఎత్తి చూపింది స్వయంగా వేషం వేసుకొచ్చినవాడే. పొగిడినప్పుడు అది మామూలు పొగడ్తలాగే వినబడి ఉండాలి. శుక్రుడు వేషం విప్పి చూపించాక అదే మాట మళ్లీ గుర్తుకు వస్తే వేరే రకంగా వినబడుతుంది. సంకట ఘడియలో మనిషి కొత్త సంగతులు కనిపెట్టడు, పాత మాటలను మళ్లీ వింటాడు. డైరీ పుటలో ఆలోచన కదలవలసిన పద్ధతి ఇదని నాకు నమ్మకం. ఇలాంటిదే వటువు అన్న ఇంకొక మాట. గొడుగు, జందెం, కమండలం, ముంజి, దండం తప్ప తనకేమీ అక్కరలేదని, మూడడుగులే ‘బ్రహ్మాండంబు నా పాలికిన్’ అని అతడు ముద్దుగా అంటాడు. కొంతసేపటికి శుక్రుడు ఇతడు త్రివిక్రముడై బ్రహ్మాండమంతా నిండుతాడని హెచ్చరిస్తాడు. రెండు పద్యాలనూ పక్కపక్కన పెడితే, పిల్లవాడు అబద్ధం ఆడలేదని బలికి తట్టక మానదు.

ఇక భాష. బలి గ్రాంథికంలో రాసుకోవాలా, మనలా రాసుకోవాలా అని తరగతిలో చర్చ వచ్చింది. పద్యాల్లోని పదాలు ఏరి గుచ్చితే పుట గంభీరంగా ఉంటుందని పెద్ద పిల్లలు కొందరు అన్నారు. గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాషకోసం పోరాడుతూ పాఠాలు చెప్పిన ఊరు ఇది. తన కోసం రాసుకునే మాటలు తాను తనతో మాట్లాడుకునే భాషలోనే ఉంటాయని నేను అన్నాను. అయితే రాజుకు తగిన మర్యాద, నెమ్మది వాక్యాల్లో ఉండాలి. మా శ్రీకాకుళం వైపు యాస బలి నోట పెడితే అతడు మా వీధివాడైపోతాడు. ఇంకొక జాగ్రత్త కూడా తీసుకున్నాం. ‘భృగువంశానికి చెందిన నా గురువు శుక్రాచార్యుడు’ అని ఎవరూ తమ డైరీలో రాసుకోరు. తెలిసినవారిని తనకు తాను పరిచయం చేసుకున్న ప్రతి వాక్యం దగ్గరా అది పరీక్ష రాసే విద్యార్థి గొంతని తెలిసిపోతుంది. అందుకని అలాంటివన్నీ పిల్లల చేతనే కొట్టివేయించాను. పైన తేదీ వేయలేదు. చోటు, సందర్భం మాత్రం వేశాం.

నేను రాసిన పుట ఇది.

యాగశాల. నర్మద ఉత్తరపు గట్టు. వింధ్యావళి కలశం కోసం లోపలికి వెళ్లింది.

ఆమె వచ్చేలోగా రాయగలిగినంత రాస్తాను. ధార పోశాక ఈ తాటాకు కూడా నాది అవునో కాదో.

గురువుగారు నన్ను శపించారు. భయం వేస్తుందనుకున్నాను, సిగ్గు వేసింది. ఇంద్రుడి దెబ్బకు ప్రాణం పోయి పడి ఉన్నవాణ్ణి లేపి కూర్చోబెట్టింది ఈయన. ఆ రోజు కళ్లు తెరవగానే మొదట కనిపించిన ముఖం ఈయనదే. ఇప్పుడు అది నా వైపు తిరగడం లేదు. నేనెక్కిన రథం, పట్టిన విల్లు, కూర్చున్న స్వర్గం, అన్నీ ఆయన చేయించిన యాగం వల్ల వచ్చినవే. నావి అనుకుని ఇస్తున్నవాటిలో ఆయనవి ఎన్ని? వద్దనే హక్కు ఆయనకు లేదని ఎలా అనగలను? అయినా ఆయన మాట కాదన్నాను, అందరి ముందూ.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు బొంకితే పాపం లేదన్నారు. ఆ మాట నాకు తియ్యగా వినబడింది. ఇది రాసుకోకపోతే మిగిలినదేదీ రాసుకోనక్కరలేదు. నేను కళ్లు మూసుకున్నది ఆలోచించడానికని సభలో అందరూ అనుకుని ఉంటారు. ఆ తీపి నా ముఖంలో వాళ్లకు కనబడకూడదని మూసుకున్నాను.

మూసుకుంటే నాన్నగారు కనిపించారు. వచ్చినవాళ్లు దేవతలని తెలిసీ ఆయుష్షు ఇచ్చేశారు. ఆ సంగతి ఇందాక ఈ కుర్రవాడే ఎత్తాడు. వంశాన్ని పొగుడుతున్నాడని మురిసిపోయాను. ఎందుకు ఎత్తాడు? నేనెవరో తెలుసుకునే ఇవ్వు అని అప్పుడే చెప్పేశాడా?

మూడడుగులు తనకు బ్రహ్మాండమన్నాడు. వడుగు పిల్లవాడి ముచ్చటనుకుని నవ్వాను. ఏనుగులు, గుర్రాలు అడగవేమన్నాను. వాడు ఉన్నదున్నట్టు చెప్పాడు, నేను విననట్టు విన్నాను. మోసం చేశాడని గురువుగారంటున్నారు. మోసగాడు ఇంత స్పష్టంగా చెబుతాడా?

ముత్తాతగారిని చీల్చిన చేయి ఇదేనట. చూస్తూనే ఉన్నాను. గొడుగు కర్ర చుట్టూ దాని వేళ్లు పూర్తిగా అందడం లేదు. కోపం తెచ్చుకుందామంటే రావడం లేదు. తాతగారైతే ఈపాటికి చేతులు జోడించేవారు. నాకు అదీ రావడం లేదు. ఆ పేరు వింటూ మా ఇంట్లో కొందరు ఏడ్చారు, ఆయన ఒక్కరు మాత్రం పాడారు. నేను ఎవరివాణ్ణో నాకు తెలియడం లేదు. ఇవ్వడం మాత్రం తెలుసు.

రెండడుగులకే అన్నీ అయిపోతాయని, మూడోదానికి చోటు ఉండదని గురువుగారు లెక్క చెప్పారు. ఇస్తానన్నది ఇవ్వలేనివాడికి నరకమన్నారు. ఆ లెక్కలో తప్పు ఎక్కడుందో వెతికాను, లేదు. చోటు లేదని తెలిసే పోస్తున్నాను. దీన్ని దానమంటారో, మొండితనమంటారో.

కడియాల చప్పుడు వినబడుతోంది. ఆపాలి.

ఈ పుటను తరగతిలో చదివాక మొదటి అభ్యంతరం వెంటనే వచ్చింది. “దేవుణ్ణి ‘వాడు’ అనొచ్చా మాస్టారూ?” అని ఒక అబ్బాయి కాస్త నొచ్చుకునే అడిగాడు. పోతన బలి కూడా వామనుణ్ణి ‘వడుగా, ఎవ్వరి వాడవెవ్వడవు’ అనే పలకరిస్తాడు కదా అని చూపించాను. విష్ణువని తెలిశాక మాట మారాలి కదా అన్నది అతని తిరుగు ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్న. బలి చెవి నమ్మింది గాని కన్ను ఇంకా పిల్లవాణ్ణే చూస్తోందని, గొడుగు కర్రను పట్టుకున్న వేళ్ల దగ్గర నేను ఆగింది అందుకేనని చెప్పాను. అతను ఒప్పుకోలేదు, తన పుటలో ‘ఆయన’ అనే ఉంచుకున్నాడు. అయితే అతని బలి మొదటి నుంచి చివరి దాకా ఒకే గౌరవంతో మాట్లాడడం వల్ల, ఏ వాక్యం దగ్గర ఆ గౌరవం పుట్టిందో చదివేవారికి తెలియలేదు. ఆ మార్పు ఎక్కడ జరిగిందో చూపించమని మాత్రం అడిగాను. మళ్లీ రాసినప్పుడు శుక్రుడి మాటలు తలచుకున్న చోట అతను బలి చేత ఒక వాక్యాన్ని సగంలో ఆపించి, తిరిగి ‘ఆయన’తో మొదలుపెట్టించాడు. అది నా పుటలో ఉన్న ఏ వాక్యం కన్నా బాగుంది.

నేను కొట్టివేసినవాటిలో ఒకదాని గురించి చెప్పాలి. రాజులెందరో వచ్చారు, పోయారు, ఎవరూ సంపదను మూటగట్టుకుని పోలేదన్న బలి జవాబు ఈ భాగంలో అన్నిటికన్నా పేరున్న పద్యం. దాని సారాన్ని పుటలో పెట్టాలని పిల్లలందరికీ అనిపించింది, నాకూ అనిపించింది. కాని అది బలి గురువుకు, సభకు చెప్పిన మాట. అప్పుడే నలుగురి ముందు గట్టిగా చెప్పినదాన్ని మనిషి లోపలికి వచ్చి మళ్లీ రాసుకోడు. చెప్పలేకపోయినదాన్ని రాసుకుంటాడు. పాఠంలో పైకి పలికిన మాటలన్నీ ఒక పక్కన పెట్టి, వాటి వెనక పలకకుండా మింగిన మాటలేమిటని అడిగితేనే డైరీ పుట పాఠానికి సారాంశం కాకుండా నిలబడుతుంది. పిల్లల పుటల్లో ఏది సారాంశమో, ఏది డైరీయో ఈ ఒక్క గుర్తుతో వాళ్లే పట్టుకోగలిగారు. ఒకరి పుట ఒకరు తీసుకుని, సభలో పలికిన మాట కనిపించినచోటల్లా పెన్సిలుతో గీత గీశారు. గీతలు ఎక్కువ పడ్డ పుటలు మళ్లీ రాయవలసి వచ్చింది.

శుక్రుడి ముఖం మొదట కనిపించిందని నేను రాసిన వాక్యానికి కూడా పెన్సిలు గీత పడింది, ఆధారం చూపించమని. బతికించాడని పాఠంలో ఉంది, ముఖం సంగతి లేదు. బతికించినవాడు పక్కనే ఉంటాడు కనుక అది పాఠానికి అడ్డం రాదని వాదించుకుని ఉంచుకున్నాం. కాని ‘ఆ రోజు గురువుగారు ఏడ్చారు’ అని ఇంకొకరు రాసినదాన్ని తీసివేశాం. ఆయన స్వభావంలో అందుకు తగిన జాడ మాకు ఎక్కడా దొరకలేదు.

ఎనిమిదో తరగతి అమ్మాయి తన రెండో పుటను బలిగా కాక వింధ్యావళిగా రాస్తానంది. కలశంలో నీళ్లు నింపుకుని తిరిగి వస్తున్న ఆ కొద్దిసేపు ఆమె మనసులో ఏముంది అన్నది తన విషయం. మా పాఠ్యభాగంలో ఆమె నోరు విప్పదు. భర్త బంధింపబడ్డాక మాత్రం వామనుడి ముందుకు వచ్చి మాట్లాడుతుంది. ముందు ఘట్టం రాస్తూ ఆ తరువాతి మాటలను వాడుకోవచ్చా అని ఆ అమ్మాయి అడిగింది. అక్కడ జరిగిన సంగతులను తెచ్చుకోకూడదు, ఎందుకంటే అవి ఆమెకు ఇంకా తెలియవు. కాని ఆ మాటల్లో కనిపించే నిబ్బరాన్ని, జగత్తు నీదైనప్పుడు ఇంకొకరు దానికి యజమానులమనుకోవడమేమిటని అనగలిగిన ఆలోచనను, ఆమె స్వభావంగా ముందుకు తెచ్చుకోవచ్చునని చెప్పాను. అలాంటి ఆలోచన ఉన్న మనిషి సభలో శాపం విన్నప్పుడు ఏ మాటను మింగి ఉంటుందో ఆ అమ్మాయి ఇప్పుడు వెతుకుతోంది. వచ్చే ఆదివారానికి పుట తెస్తానంది.